యాభై మీటర్ల గోడ ఎక్కడుంది మాస్టారూ?

బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. గరిష్ఠాలు, కనిష్ఠాలు పాఠం అయిన రోజున ఇచ్చే హోంవర్కులో ఒక కంచె లెక్క ఎప్పుడూ ఉంటుంది. ఈసారి ఆ పాఠం ఫిబ్రవరిలో పడింది. గుంటూరులో ఫిబ్రవరి అంటే మిరప కోతలు, కల్లాలు, ఊరంతా ఘాటు. పైగా ఆ బ్యాచిలో ఒక అమ్మాయి తండ్రి మిరప రైతు. ఊరి శివార్లలో ఒక గోదాము పక్కన ఖాళీ స్థలం కౌలుకు తీసుకుని కాయలు ఆరబోస్తున్నారు. పందులు, కుక్కలు పడకుండా చుట్టూ కట్టడానికి యాభై మీటర్ల గ్రీన్ నెట్ చుట్టలు రెండు తెచ్చారని ఆ అమ్మాయి ఏదో మాటల్లో చెప్పింది. లెక్కకు అంకెలు దొరికాయని సంబరపడి అక్కడికక్కడే బోర్డు మీద రాశాను:

"ఒక రైతు గోదాము గోడను ఒక భుజంగా తీసుకుని దీర్ఘచతురస్రాకారంలో మిరప కల్లం వేయదలచాడు. మిగిలిన మూడు వైపులా కట్టడానికి 100 మీటర్ల వల ఉంది. కల్లం వైశాల్యం గరిష్ఠం కావాలంటే దాని కొలతలు కనుక్కోండి."

పాఠ్యపుస్తకం మోస్తరు లెక్కే. మర్నాడు అందరి పుస్తకాలూ దిద్దాను. ఆ అమ్మాయి చేసిన పద్ధతి అన్నిటికన్నా శుభ్రంగా ఉంది. గోడకు అడ్డంగా, అంటే గోడ నుంచి బయటికి వచ్చే భుజం x, గోడకు సమాంతరంగా ఉండే భుజం y అనుకుంది. బొమ్మ వేసింది. ఆపైన:

2x + y = 100, కాబట్టి y = 100 − 2x

A(x) = x(100 − 2x) = 100x − 2x²

A'(x) = 100 − 4x

A'(x) = 0 అయితే x = 25

A''(x) = −4 < 0, కాబట్టి x = 25 దగ్గర A గరిష్ఠం

కొలతలు 25 మీ., 50 మీ. వైశాల్యం 1250 చ.మీ.

అప్పట్లో ఇంటర్ మొదటి ఏడాది లెక్కల 1B పేపర్లో ఇలాంటి లెక్కకు ఏడు మార్కులు ఉండేవి. ఏడుకు ఏడూ వేసి, పక్కన ఎర్ర సిరాతో 'చక్కగా ఉంది' అని కూడా రాశాను.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయితో పాటు ఆమె తండ్రి మేడ ఎక్కి వచ్చారు. చేతిలో అదే నోటు పుస్తకం. ఫిర్యాదు చేసే మనిషి కాదు. నిజంగానే తెలుసుకుందామని వచ్చారు. "మాస్టారూ, మా అమ్మాయి చెప్పినట్టే కడదామని స్థలం దగ్గరికి వెళ్లానండి. పాతిక మీటర్లు ఇటు, పాతిక అటు, ముందు యాభై. లెక్క బాగానే ఉంది. కానీ గోదాము గోడ ముప్పై మీటర్లే ఉందండి. యాభై మీటర్ల గోడ ఎక్కడుంది?"

నేను వేసిన ఏడు మార్కులు నావైపే చూశాయి.

ఇక్కడ ఆగి, ఆ అమ్మాయి రాసిన A''(x) = −4 అన్న వరుస ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో చూడాలి. కథంతా ఆ వరుస దగ్గరే ఉంది.

పిల్లల్లో చాలామంది ఈ రెండో అవకలజ పరీక్షను ఒక జత సూత్రాలుగా బట్టీ పడతారు: ధనమైతే కనిష్ఠం, రుణమైతే గరిష్ఠం. తలకిందులుగా అనిపిస్తుంది కాబట్టి పరీక్ష హాల్లో తారుమారు చేస్తారు. నేను ఆ సూత్రం చెప్పే ముందు x = 25కు అటూ ఇటూ వాలు ఎంతో రాయిస్తాను. x = 24 దగ్గర A' = 4. x = 25 దగ్గర 0. x = 26 దగ్గర −4. ఎక్కుతున్న వాలు సున్నాకు వచ్చి, దిగే వాలుగా మారింది. అంటే వాలు తగ్గుతూ పోతోంది. తగ్గుతున్నదాని అవకలజం రుణం. వాలు అవకలజమే రెండో అవకలజం కాబట్టి అది రుణం. గుట్ట ఎక్కి దిగినట్టు. అంతే, ఇక తారుమారు కావడానికి ఏమీ ఉండదు.

మామూలుగా ఈ పరీక్ష చెప్పేది ఆ బిందువుకు దగ్గరి సంగతి మాత్రమే: చుట్టుపక్కల ఇంతకన్నా ఎత్తయిన చోటు లేదని. దూరంగా ఇంకో గుట్ట ఉందో లేదో అది చెప్పలేదు. మన లెక్కలో మాత్రం ఆ బెంగ లేదు. A'' ఒక్క 25 దగ్గరే కాదు, ఎక్కడ చూసినా −4. అంటే వక్రం మొత్తం బోర్లించిన మూకుడు. మూకుడుకు ఒకటే నడినెత్తి. కాబట్టి స్థానిక గరిష్ఠమే మొత్తానికి గరిష్ఠం. ఈ వాదన దగ్గర నేను ఎంత ధీమాగా ఉన్నానంటే, మూకుడు సరైనదా కాదా అని చూడనే లేదు.

తప్పు అక్కడ జరిగింది. 100x − 2x² అన్న ప్రమేయానికి గరిష్ఠం ఎక్కడని అడిగితే పరీక్ష నిజమే చెప్పింది. ఆ ప్రమేయం ఆ రైతు కల్లానిదా అని మేం పరీక్షను అడగలేదు. అడిగినా దానికి తెలియదు. 2x + y = 100 అన్న సమీకరణం 'y పొడవునా వెనక గోడ ఉంది' అన్న మాటను లోపల దాచుకుని కూర్చుంది. ఆ మాట నిజం కావాలంటే y ముప్పైకి మించకూడదు. అంటే 100 − 2x ≤ 30. అంటే x కనీసం 35. ఇరవై ఐదు ఆ ప్రమేయపు ప్రదేశంలోనే లేదు.

పుస్తకాల్లో ఇలాంటివి రావా అంటే వస్తాయి. 80 × 30 సెంటీమీటర్ల రేకు నాలుగు మూలల్లో చదరాలు కత్తిరించి పెట్టె చేసే లెక్క ఇంటర్ పిల్లలందరికీ తెలుసు. అక్కడ అవకలజం సున్నా అయ్యే విలువలు రెండు: 20/3, 30. ముప్పై తీసుకుంటే 30 − 2x మైనస్ ముప్పై అవుతుంది. రుణ వెడల్పు ఉన్న పెట్టె ఉండదు కనుక పిల్లలు దాన్ని కళ్లు మూసుకుని కొట్టేస్తారు. ఆ లెక్క వల్ల ఒక చెడ్డ అలవాటు కూడా అబ్బింది: రెండు విలువలొస్తే ఒకటి కొట్టేయాలి, ఒకటే వస్తే ఉంచాలి. ఇక్కడ ఒకటే వచ్చింది. పైగా 25, 50 చూడ్డానికి ముచ్చటైన అంకెలు. అనుమానం ఎందుకు వస్తుంది?

అనుమానం తీర్చే పని ఒకటుంది. జవాబు వచ్చాక సమీకరణాన్ని పక్కన పెట్టి, బొమ్మ మీద వల పొడవును చేత్తో లెక్కపెట్టడం. ముప్పై మీటర్ల గోడ ముందు 25 × 50 కల్లం గీస్తే, పక్కలకు 25, 25, ముందు 50, గోడ అయిపోయాక వెనక మిగిలిన ఇరవై మీటర్లకు ఇంకో 20. మొత్తం 120. ఉన్నది 100. ఇరవై మీటర్ల వల అప్పు పడింది.

ఆయనకు ఇదంతా చెప్పి, మర్యాద దక్కించుకోవాలని అప్పటికప్పుడే కాగితం మీద సరిదిద్దాను. x కనీసం 35, y సున్నా కాకూడదు కనుక x యాభైకి లోపు. ఈ అంతరంలో A' = 100 − 4x ఎక్కడా సున్నా కాదు. 35 దగ్గరే −40, ఆ తర్వాత ఇంకా రుణం. అంటే x పెరుగుతున్నకొద్దీ వైశాల్యం తగ్గుతూనే పోతుంది. కాబట్టి ఎడమ అంచులోనే, x = 35 దగ్గరే గరిష్ఠం. y = 30. వైశాల్యం 35 × 30 = 1050. గమనించండి, ఇక్కడ రెండో అవకలజం ఇంకా −4గానే ఉంది. కానీ జవాబు తేల్చింది అది కాదు. వాలు గుర్తూ, అంచూ తేల్చాయి. అవకలజం సున్నా కాని చోట రెండో అవకలజ పరీక్షకు పని లేదు.

"ముప్పై ఐదు బయటికి, ముప్పై గోడ వెంట కట్టండి" అన్నాను.

ఆయన కాగితం వైపు కాసేపు చూసి, కూతురి వైపు చూసి, "గోడ అయిపోయాక వెనక వల కట్టకూడదని ఎవరన్నారండీ?" అని అడిగారు.

ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. మొదటి తప్పు లెక్క ఇవ్వడంలో, ఇది దిద్దడంలో. రెండూ నావే.

అమ్మాయికి పెన్ను ఇచ్చాను. ఇక్కడి నుంచి పని ఆమెది. "గోడ ముప్పై. కల్లం దానికన్నా పొడుగ్గా ఉంటే వెనక మిగిలింది y − 30. దానికీ వల కావాలి" అంటూ బొమ్మ కొత్తగా వేసి, నాలుగు వైపులా వలను ఒక్కొక్కటిగా గుర్తు పెట్టింది.

x + x + y + (y − 30) = 100

2x + 2y = 130, కాబట్టి x + y = 65

A(x) = x(65 − x) = 65x − x²

A'(x) = 65 − 2x, సున్నా అయ్యేది x = 32.5 దగ్గర

A''(x) = −2 < 0

రాసిన వెంటనే ముగించబోయి ఆగింది. "సార్, ఇది y ముప్పై కన్నా ఎక్కువ ఉంటేనే కదా?" ఉంటేనే. y = 65 − 32.5 = 32.5. ముప్పై కన్నా ఎక్కువే. x పరంగా చెబితే, ఈ ప్రమేయం 35 లోపే చెల్లుతుంది, 32.5 ఆ లోపలే ఉంది. వల లెక్కపెట్టింది: మూడు వైపులా 32.5 చొప్పున 97.5, వెనక రెండున్నర. సరిగ్గా 100. వైశాల్యం 1056.25. నేను దర్జాగా చెప్పిన 1050 కన్నా ఆరుంబావు చదరపు మీటర్లు ఎక్కువ.

ఆరు చదరపు మీటర్లకు ఇంత గొడవా అనకండి. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ ఆరు కాదు. 1050 తప్పని తెలుసుకోవడానికి కావలసిన ఆధారం నా కాగితం మీదే ఉంది, నేను చూడలేదు. ఆ ఆధారం −40. అంచు దగ్గర గరిష్ఠం వచ్చినప్పుడు వాలు సున్నా కాకపోవడం సహజమే. కానీ సున్నా కాని ఆ వాలు ఒక మాట చెబుతుంది: ఈ గీత దాటనిస్తే, దాటిన ప్రతి మీటరుకూ మొదట్లో నలభై చదరపు మీటర్ల చొప్పున లాభం. అంత గట్టిగా వెనక్కి లాగుతున్నప్పుడు ఆ గీత నిజంగా దాటరానిదా అని ఒకసారి చూడాలి. y సున్నా కన్నా తక్కువ కాకూడదన్నది ప్రకృతి గీసిన గీత. y ముప్పైని మించకూడదన్నది నేను గీసుకున్న గీత. దాన్ని దాటితే వలకు అదనపు ఖర్చు పడుతుంది, అంతే. ఖర్చు పెరిగిందంటే ప్రమేయం మారుతుంది గానీ కల్లం ఆగిపోదు.

వాలు ఎలా మారిందో రెండు ముక్కల్నీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. x = 35 దగ్గర రెండు సూత్రాలూ ఒకే వైశాల్యం, 1050, ఇస్తాయి. అతుకు బాగానే కుదిరింది. కానీ వాలు కుదరలేదు. కుడివైపు నుంచి −40, ఎడమవైపు నుంచి 65 − 70 = −5. అంటే గీత దాటితే నలభై కాదు, అయిదు చొప్పునే లాభం మొదలవుతుంది. అదనపు వల ఖర్చు మిగతాదంతా మింగేసింది. అయినా అయిదు అయిదే. ఆ అయిదు సున్నా అయ్యేదాకా, రెండున్నర మీటర్లు వెనక్కి జరిగితే 32.5 వచ్చింది. ఆ రెండున్నర ఎందుకంటే, అక్కడ A'' = −2, మీటరుకు రెండు చొప్పున వాలు మారుతుంది. అయిదుకు రెండున్నర మీటర్లు. ఈ భాగహారం చేసి చూపించగానే అమ్మాయి ముఖంలో ఒక వెలుగు కనిపించింది. అప్పటిదాకా −2 ఆమెకు ఒక గుర్తు మాత్రమే. ఇప్పుడు అదొక పరిమాణం.

వాళ్లు వెళ్లాక నాకు ఇంకో సందేహం పట్టుకుంది. గోడ ముప్పై అయితే 32.5 చక్కగా లోపల పడింది. గోడ ఇంకాస్త పొడుగుంటే? నలభై అనుకుని చేసి చూశాను. చేశాక ఆ లెక్కను అలాగే మర్నాడు బ్యాచి మొత్తానికీ ఇచ్చాను. గోడ 40 మీటర్లు, వల 100 మీటర్లు, గోడ దాటి కూడా వల కట్టవచ్చు. ఈసారి ప్రశ్నలో దాపరికం లేదు.

జవాబులు దాదాపు రెండు రకాలుగా చీలాయి. కొందరు గోడ దాటే ముక్క తీసుకున్నారు: x + y = 70, A = 70x − x², A' సున్నా అయ్యేది 35 దగ్గర, A'' = −2, గరిష్ఠం, 1225. మిగిలినవారు పాత ముక్క తీసుకున్నారు: x = 25, A'' = −4, గరిష్ఠం, 1250. రెండు గుంపులవారూ పరీక్ష సరిగ్గానే చేశారు. రెండు జవాబులూ తప్పే.

1225 అన్నవాళ్లను వెనక వల ఎంతో చెప్పమన్నాను. y = 35, గోడ 40. y − 40 అంటే మైనస్ అయిదు మీటర్ల వల. సమీకరణం నోరు మెదపకుండా, లేని అయిదు మీటర్లను ఎదురిచ్చి లెక్క సరిపెట్టింది. చేత్తో లెక్కపెడితే 35 × 35 కల్లానికి మూడు వైపులా 105 మీటర్ల వల కావాలి. 1250 అన్నవాళ్లకు 25, 25, 50, వెనక గోడ చాలని పదికి ఇంకో పది, మొత్తం 110. రెండూ వందకు మించాయి.

మరి గరిష్ఠం ఎక్కడ? రెండు ముక్కలూ కలిసే చోటు x = 30, y = 40. అక్కడికి లోపల గోడ దాటే సూత్రం, బయట పాత సూత్రం. లోపలి సూత్రం నడినెత్తి 35, తన హద్దు అయిన 30కి ఆవల పడింది. బయటి సూత్రం నడినెత్తి 25, అదీ తన హద్దుకు ఈవల పడింది. ఎవరి గుట్ట శిఖరం వాళ్ల పొలంలో లేదు. అప్పుడు చూడాల్సింది వాలు గుర్తు. 30కి ఎడమ పక్క A' = 70 − 60 = 10, ఎక్కుతోంది. కుడి పక్క A' = 100 − 120 = −20, దిగుతోంది. ఎక్కడం ఆగి దిగడం మొదలయ్యేది సరిగ్గా 30 దగ్గర. గరిష్ఠం అక్కడే: 30 × 40, వైశాల్యం 1200. గోడ మొత్తం వాడుకున్నాం, గోడ దాటి ఒక్క మీటరు కూడా కట్టలేదు.

ఈ బిందువు దగ్గర A' సున్నా కాదు. అసలు అక్కడ A' అనేదే లేదు. ఎడమ నుంచి పది, కుడి నుంచి మైనస్ ఇరవై అయితే ఒక్క వాలు ఎక్కడిది? A' లేనప్పుడు A'' అడగడమే కుదరదు. అది మూకుడు నడినెత్తి కాదు, ఇంటి కప్పు కొప్పు. "మరి రెండో అవకలజం రాయకపోతే మార్కులు పోవా సార్?" అని ఒక అబ్బాయి అడిగాడు. పరీక్ష చేయడానికి వీల్లేని చోట వాలు గుర్తు మారిందని చూపిస్తే అదే రుజువు, మార్కులు పోవని చెప్పాను. పేపర్ దిద్దేవారు కూడా అలాగే అనుకుంటారని ఆశ.

పొడవులు మార్చి చూస్తే హద్దులు తేలికగానే బయటపడతాయి. వల L, గోడ w అనుకుంటే, గోడ వలలో సగం కానీ అంతకన్నా ఎక్కువ కానీ ఉంటే నేను మొదట దిద్దిన పుస్తకం జవాబే సరి. గోడ వలలో మూడో వంతుకు మించకపోతే చదరం వస్తుంది, భుజం (L + w)/4. మూడో వంతుకూ సగానికీ మధ్య ఉంటే కొప్పు మీదే గరిష్ఠం, గోడ ఎంతుంటే y అంత. మన ముప్పై మీటర్ల గోడ, మూడో వంతు అయిన 33.3కు కొంచెం తక్కువ. అందుకే చదరం. నలభై మధ్యలో పడింది. 'ఒక వైపు గోడ ఉంది' అని ఊరికే రాసే లెక్క, గోడ కనీసం యాభై మీటర్లు ఉందని చెప్పకుండానే చెబుతోందన్నమాట. అది నా బోర్డు మీద రాయని వాక్యం. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ శుక్రవారం అమ్మాయి తండ్రి ఫోను చేశారు. వల కట్టేశారట. టేపు దొరక్క అడుగులతో కొలుచుకున్నారట. బయటికి ముప్పై రెండు, ముందు ముప్పై మూడు వచ్చాయని, అర మీటరు తేడా పడ్డందుకు నష్టమెంతో చెప్పమని అడిగారు. వల లెక్కపెట్టాను: 32, 32, 33, వెనక 3. వంద సరిపోయింది. వైశాల్యం 32 × 33 = 1056. గరిష్ఠం కన్నా పావు చదరపు మీటరు తక్కువ, ఒక గంప కాయలు పరిచే చోటు కూడా కాదు. "నష్టమేమీ లేదండి, నిశ్చింతగా ఆరబోసుకోండి" అన్నాను.

ఈ పావు ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మాయి సాయంత్రం క్లాసులో అడిగింది. ఇక్కడ కూడా ఆ −2నే. నడినెత్తి దగ్గర వాలు సున్నా కాబట్టి, h మీటర్లు పక్కకు జరిగితే తగ్గేది రెండో అవకలజంలో సగాన్ని h²తో గుణించినంత. రెండులో సగం ఒకటి, అర మీటరు వర్గం పావు. ఒక మీటరు తప్పినా తగ్గేది ఒక్క చదరపు మీటరే. A'' = −4 అయి ఉంటే దానికి రెట్టింపు. అంటే ఆ అంకె ఎంత చిన్నదైతే అడుగులతో కొలిచే మనిషికి అంత ఊరట.

"అదే గోడ నలభై అయి ఉంటే?" అంది. కొప్పు మీద వాలు సున్నా కాదు, అక్కడ h² ఊరట ముందే దక్కదు. బయటికి 30 బదులు 29 కడితే 29 × 41 = 1189, పదకొండు తగ్గుతుంది. 31 కడితే 31 × 38 = 1178, ఇరవై రెండు తగ్గుతుంది. అదే ఒక్క మీటరు పొరపాటు. ఆమె రెండు గుణకారాలూ తనే చేసి సరిచూసుకుని, నేను 'చక్కగా ఉంది' అని రాసిన పేజీలో, నా ఎర్ర సిరా కింద నీలం సిరాతో ఒక వరుస చేర్చింది: 'గోడ ≥ 50 మీ. అయితే.'